గాజులు అందలేదన్న ఫిర్యాదుకు నేను ఇచ్చిన జవాబు

మలక్‌పేటలోని మా ఇంటి ముందు గదే నా దుకాణం. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవారి దగ్గర సెట్లు తెచ్చి, సొంత వెబ్‌సైటు ద్వారా నాలుగేళ్లుగా అమ్ముతున్నాను. గత వేసవిలో పెళ్లిళ్ల సీజనులో విశాఖపట్నం నుంచి ఒకావిడ ఎనిమిది గాజుల పెళ్లికూతురి సెట్టును 2-4 సైజులో ఆర్డరు చేసి, 7,400 రూపాయలు క్రెడిట్ కార్డుతో చెల్లించారు. ఆ డబ్బు నా చేతికి నిలకడగా రావడానికి రెండు నెలలకు పైగా పట్టింది.

సైజు సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే గొడవ అక్కడే మొదలైంది. 2-4 అంటే గాజు లోపలి అడ్డుకొలత రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు భాగాలు. 2-6 అంటే దానికంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. వినడానికి ఇది చిన్న తేడాయే కానీ, లక్క సాగదు కనుక, చేతికి పట్టని గాజును బలవంతంగా తొడిగితే అది పగులుతుంది.

పార్సెల్ కట్టేటప్పుడు ఫోనును స్టాండుకు బిగించి, మధ్యలో ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీయడం నా అలవాటు. ఒక్కో గాజును తిప్పి చూపిస్తాను, డబ్బాలో పెట్టి బబుల్ షీటు చుడతాను, మూత అంటించి వంటింటి త్రాసు మీద తూస్తాను, చివరికి కొరియర్ లేబుల్ అతికించి దాని మీది ట్రాకింగ్ నంబరును కెమెరా ముందు చదువుతాను. లేబుల్ కూడా అదే వీడియోలో ఉండాలి. లేకపోతే అందులో కనిపించే డబ్బా, వారికి చేరిన డబ్బా ఒకటే అని చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ రోజు త్రాసు 612 గ్రాములు చూపించింది. ముందుగానే డబ్బు చెల్లించిన ఆర్డర్లకు మా కొరియర్ మామూలుగా ఓటీపీ అడగదు. అయిదు వేలు దాటిన పార్సెళ్లకు మాత్రం నేను అదనంగా కట్టి ఓటీపీ డెలివరీ పెట్టిస్తాను.

గురువారం మధ్యాహ్నం పార్సెల్ చేరింది. సాయంత్రం ఆవిడ వాట్సాప్‌లో, "గాజులు చాలా బాగున్నాయండి, కానీ బిగుతుగా ఉన్నాయి, 2-6 పంపగలరా?" అని అడిగారు. పంపగలనని, సైజు ఎంపిక వారిది కాబట్టి రానూపోనూ కొరియర్ ఖర్చు వారే భరించాలని జవాబిచ్చి, 2-6 సెట్టు ఒకటి విడిగా తీసి పెట్టాను. ఖర్చు మాట ఆవిడకు నచ్చలేదు. మరుసటి రోజు పగిలిన గాజుల ఫోటో ఒకటి పంపి, పార్సెల్ విప్పేసరికే ఇలా ఉన్నాయని, డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వాలని రాశారు. ఫోటోను పెద్దది చేసి చూశాను. నేను పంపిన గాజులకు మూడు వరుసల రాళ్లు ఉండగా, ఫోటోలోని ముక్కల మీద రెండు వరుసలే కనిపించాయి.

కోపం వచ్చిన మాట నిజమే, అయినా ఫోటోను పట్టుకుని వాదనకు దిగలేదు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. అందుకని నా ఖర్చుతో రిటర్న్ పికప్ పెడుతున్నానని, గాజులు, ముక్కలైనా సరే, నాకు చేరిన రోజే పూర్తి సొమ్ము పంపిస్తానని అదే రోజు రాశాను. పికప్ కుర్రాడు రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ కొరియర్ ప్యానెల్‌లో ‘కస్టమర్ నిరాకరించారు’ అని నమోదైంది. ఆ పేజీని తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత, నా వెబ్‌సైటులో కార్డు చెల్లింపులు తీసుకుని నాకు జమచేసే పేమెంట్ గేట్‌వే నుంచి మెయిల్ వచ్చింది. కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని ఆవిడ తన బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ వేశారు, 7,400 నా తదుపరి సెటిల్‌మెంటు నుంచి కోసేశారు, ఏడు రోజుల్లో ఆధారాలు అప్‌లోడ్ చేయకపోతే ఫిర్యాదును ఒప్పుకున్నట్టే లెక్క. ఆ రాత్రి కూర్చుని, మూడు వరుసలు, రెండు వరుసలు అంటూ ఫోటోలు పక్కపక్కన పెట్టి, పద్నాలుగు పేజీల జవాబు తయారుచేశాను.

బ్యాంకులో పనిచేసి రిటైరైన మా పెద్దన్నయ్య దాన్ని చదివి పక్కన పెట్టేశాడు. "వాళ్లు పంపిన మెయిల్ చదివినవా అసలు? గాజులు పగిలినయా లేదా అని నిన్ను ఎవరడిగిండ్రు? అందినయా లేదా అని అడిగిండ్రు," అన్నాడు. మళ్లీ చూస్తే మెయిల్‌లో కారణం కింద 13.1 అని ఉంది. వీసా కార్డుల లెక్కలో అది సరుకు అందలేదన్న ఫిర్యాదు. వర్ణించినట్టు లేదనో, పాడైందనో అంటే అది 13.3 అవుతుంది. నాతో పగిలాయని చెప్పిన మనిషి, బ్యాంకుతో అసలు అందనే లేదన్నారు. నేనేమో వారు అడగని ప్రశ్నకు పద్నాలుగు పేజీలు రాశాను.

కొత్త జవాబు నాలుగు పేజీలకు కుదిరింది. మొదటి పేజీలో తేదీల వారీగా ఏం జరిగిందో ఎనిమిది వాక్యాలు. రెండో పేజీలో కొరియర్ ఇచ్చిన డెలివరీ రుజువు: చిరునామా, సమయం, ఓటీపీ సరిపోయిందన్న నమోదు. మూడో పేజీలో గురువారం సాయంత్రపు వాట్సాప్ సందేశం. అది తెలుగులో ఉంది, చదివేవారికి తెలుగు వస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి ఒక్కో వాక్యం కింద ఇంగ్లీషు అనువాదం టైపు చేసి, ఆవిడ ఫోను నంబరు ఆర్డరులోని నంబరే అని తెలిసేలా చాట్ పైభాగం కూడా చేర్చాను. నాలుగో పేజీలో పగిలాయన్న సందేశం, నిరాకరించిన పికప్. వస్తువు చేతిలో లేనివారు అది బిగుతుగా ఉందని గానీ, పగిలిందని గానీ చెప్పలేరు కదా.

ప్యాకింగ్ వీడియోను లంకెగా మాత్రమే ఇచ్చాను. డబ్బాలో ఏం పెట్టానో అది చూపిస్తుంది, దారిలో ఏమైందో చూపించదు. బరువు కూడా అనుకున్నంత పనికిరాలేదు. 612 గ్రాములని నా త్రాసు చెబుతున్నా, కొరియర్ రసీదులో బిల్లు శ్లాబు ప్రకారం ఒక కిలో అనే ఉంది. ఫిర్యాదు 13.3 కింద వచ్చి ఉంటే ఈ రెండింటి మీదే ఎక్కువ ఆధారపడాల్సి వచ్చేది, గెలుస్తానన్న ధీమా అంతగా ఉండేది కాదు. వీడియో అసలు ఫైలు మాత్రం ఫోనులోనూ, విడి డ్రైవులోనూ ఉంచాను. వాట్సాప్‌లో వీడియోగా పంపితే ఫైలు కుదించుకుపోయి, లేబుల్ మీది అంకెలు మసకబారతాయి.

నలభై ఆరో రోజున తీర్పు నా వైపు వచ్చింది. అంతటితో అయిపోయిందనుకోవద్దని, కార్డు ఇచ్చిన బ్యాంకు కావాలంటే తీర్పును ఒప్పుకోకుండా ప్రీ-ఆర్బిట్రేషన్ అనే తర్వాతి మెట్టుకు వెళ్లవచ్చని, అక్కడి నుంచి ఓడినవారి మీద ఫీజులు కూడా పడతాయని గేట్‌వే ప్రతినిధి ఫోనులో చెప్పారు. బ్యాంకు అటు వెళ్లలేదు. 7,400 తర్వాతి సెటిల్‌మెంటులో కలిసి వచ్చింది. విడిగా తీసి పెట్టిన 2-6 సెట్టు శ్రావణ మాసంలో నల్లగొండ వెళ్లింది. పార్సెల్ కట్టే ముందు ఆ అమ్మాయి చేత పాత గాజు ఒకటి స్కేలు మీద పెట్టించి ఫోటో తెప్పించుకున్నాను.