డిశ్చార్జ్ సమ్మరీలో ఆ ప్రశ్నార్థకం ఎందుకు పోకూడదంటే

చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం గుండెలో మైట్రల్ కవాటాన్ని దెబ్బతీసిందని నాకు పెద్దయ్యాక, నాలుగు మెట్లెక్కినా ఆయాసం వచ్చే దశలో తెలిసింది. తర్వాత గుండె దడ తగ్గక, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పడ్డాను. అక్కడ నీరు తగ్గించి, దడ అదుపులోకి తెచ్చి ఇంటికి పంపారు. ఇరుకైన కవాటాన్ని బెలూన్‌తో తెరిపించుకోవడం మాత్రం మా ఆయన ఉద్యోగం చేసే జర్మనీలో అనుకున్నాం. అక్కడి కార్డియాలజీ వాళ్లు డిశ్చార్జ్ సమ్మరీ జర్మన్‌లో పంపమన్నారు.

అనువాదం చేసినాయనకు భాష బాగా వచ్చు, ఆసుపత్రి రాతలు అలవాటు లేవు. డ్రాఫ్ట్ రాగానే ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న మా వదినా నేనూ ఒరిజినల్ పక్కన పెట్టుకుని లైను లైనూ చూశాం. డయాగ్నసిస్ దగ్గర మాకు ఇచ్చినది ఇలా ఉంది: ఆర్.హెచ్.డి., సివియర్ ఎం.ఎస్., ఏ.ఎఫ్., ? ఎల్.ఏ. క్లాట్. ఏ.ఎఫ్. అంటే గుండె లయ తప్పడం. ఇక్కడ ఎం.ఎస్. అంటే మైట్రల్ స్టెనోసిస్, కవాటం ఇరుకవ్వడం. డ్రాఫ్ట్‌లో మాత్రం అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అయ్యింది, అంటే నాకు లేని నరాల జబ్బు ఒకటి వచ్చి చేరింది. జర్మన్‌లో కూడా ఎం.ఎస్. అనగానే ముందు గుర్తొచ్చేది అదే. పక్కనే ఆర్.హెచ్.డి., అంటే రుమాటిక్ గుండె జబ్బు అని ఉంది కాబట్టి గుండె డాక్టరు ఎవరైనా పట్టేస్తారు కానీ, ఇన్సూరెన్స్ కాగితాలు చూసేవాళ్లు పట్టుకుంటారన్న నమ్మకం నాకు లేదు.

దానికంటే నన్ను భయపెట్టింది ఎల్.ఏ. క్లాట్ ముందున్న ఆ ప్రశ్నార్థకం. డ్రాఫ్ట్‌లో అది లేదు, ఎడమ కర్ణికలో రక్తపు గడ్డ ఉందని తేల్చి రాసేశారు. గడ్డ ఉంటే బెలూన్ చేయరు, అది కదిలి మెదడుకు వెళ్తే పక్షవాతం వస్తుంది. అంటే ఒక్క గుర్తు పోతే నేను వెళ్లే చికిత్సే ఆగిపోవచ్చు. మా డాక్టరు గారిని అడిగితే, "ఛాతీ మీంచి చేసే ఎకోలో ఆ మూల సరిగ్గా కనపడదమ్మా, నీడలా ఏదో ఉంది, ఉందనీ అనలేం, లేదనీ అనలేం, గొట్టం మింగించి చేసే ఎకోలో తేలుతుంది" అన్నారు. జర్మన్ డాక్టర్లు అనుమానాన్ని "ఫెర్‌డాఖ్ట్ ఔఫ్" అని రాస్తారు, అదే పెట్టించాం. అనుమానం అనుమానంగానే వెళ్లాలి, గట్టిపడకూడదు, అలాగని మాయమూ కాకూడదు.

మందుల దగ్గర మరో చిక్కు. గుండె దడ అదుపులో ఉంచే మందు డిగాక్సిన్ 0.25 మి.గ్రా., ఓ.డి., 5/7 అని ఉంది. ఓ.డి. అంటే రోజుకొకసారి. 5/7 అంటే మా దగ్గర వారంలో ఐదు రోజులు వేసుకుని రెండు రోజులు మానేయడం, మందు ఒంట్లో పేరుకోకుండా. డ్రాఫ్ట్‌లో "ఐదు రోజుల పాటు" అని వచ్చింది. నిజానికి బ్రిటిష్ పద్ధతిలో 5/7 అని రాస్తే అర్థం అదే, అందుకే అనువాదకుణ్ణి తప్పుపట్టలేను. కానీ అలా చదివినవాళ్లు ఆ మందు ఎప్పుడో అయిపోయిందనుకుంటారు, నేనేమో ఇంకా మింగుతూనే ఉన్నాను. ఆ లైన్‌ను గుర్తులు లేకుండా, ఏ రోజులు వేసుకోవాలో ఏ రోజులు మానాలో పూర్తి వాక్యంలో రాయించాం.

రక్తం పలచబడే మందు ఎసిట్రోమ్ అని బ్రాండ్ పేరుతోనే ఉంది. పక్కనే అసలు పేరు ఎసినోకూమరాల్ అని చేర్పించాం, ఎందుకంటే బ్రాండ్ పేర్లు దేశం దాటితే పనికిరావు, ఒకే పేరుతో వేరే దేశంలో వేరే మందు ఉండటం కూడా ఉంది. అనువాదకుడు మంచి ఉద్దేశంతోనే, అక్కడ ఎక్కువగా వాడే ఫెన్‌ప్రోకూమన్ రాయనా అని అడిగారు. వద్దే వద్దన్నాం. రెండూ ఒకే జాతి మందులే కానీ ఫెన్‌ప్రోకూమన్ ఒంట్లో చాలా ఎక్కువ రోజులు నిలుస్తుంది, మోతాదు లెక్కే వేరు. మందు మార్చడం డాక్టరు పని, నేను ఏది మింగుతున్నానో అదే కాగితంలో ఉండాలి.

చివరికి మా వదిన సలహాతో డాక్టరు గారి దగ్గరే పొట్టి అక్షరాలన్నీ విడమరిచి రాయించి, సంతకం, స్టాంపు వేయించుకుని, ఆ కాగితం నుంచి మళ్లీ అనువాదం చేయించాం. ల్యాబ్ అంకెల యూనిట్లు మాత్రం మార్చనివ్వలేదు, ఉన్నవి ఉన్నట్టే.

అక్కడికి వెళ్లాక గొట్టంతో ఎకో చేశారు, గడ్డ లేదు. బెలూన్‌తో కవాటం తెరిచారు. ఇప్పుడు మెట్లెక్కి ఆగకుండా మాట్లాడగలుగుతున్నాను, డిగాక్సిన్ ఆపేశారు. ఏ.ఎఫ్. ఇంకా ఉంది కాబట్టి రక్తం పలచబడే మందు మాత్రం వేసుకుంటూనే ఉన్నాను, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐ.ఎన్.ఆర్. 2కీ 3కీ మధ్య ఉందో లేదో చూపించుకుంటూ.