పెట్టె బరువు

కొరియర్ అబ్బాయి కాటా వైపు చూడనే లేదు. టేపు తీసి పెట్టె కొలిచాడు. 40, 30, 30 సెంటీమీటర్లు. గుణించి 5000తో భాగిస్తే, పెట్టె సైజుని బట్టి కొరియర్ వాళ్ళు లెక్కగట్టే బరువు 7.2 కిలోలు. పై అర కిలోకి జరిపి ఏడున్నర కిలోలకి బిల్లు రాశాడు.

లోపలున్నది 3 కిలోల గుంటూరు ఎండుమిర్చి!

అమెరికా కస్టమర్ దగ్గర మన సైటు 3 కిలోలకే డాలర్లలో షిప్పింగ్ తీసుకుంది. ఇన్‌వాయిస్‌లో నికర బరువు కూడా 3 కిలోలే, అది సరైనదే. తేడా మన జేబులోంచే.

కారప్పొడికి ఈ గొడవ లేదు, చిన్న పెట్టెలో ఒదిగిపోతుంది. కాయ మిర్చి గాలిని కూడా మోసుకెళ్తుంది మరి.

రాత్రి కూర్చుని కాయ మిర్చి ప్యాకెట్లన్నిటికీ సైటులో పెట్టె కొలతలు ఎక్కిస్తున్నా. పసుపు కొమ్ములు ఇంకా కొలవాలి.