నలభై నిమిషాల తేడా

నెల్లూరు నుంచి వచ్చి చెన్నై వెస్ట్ మాంబళంలో స్థిరపడ్డ ఒక తల్లి ఉదయం పదిన్నరకి కొడుకు జాతకం చూపించడానికి నా దగ్గరికి వచ్చింది. వాడికి పదిహేనేళ్లు. మాట వినడు, తలుపేసుకుంటే పూట గడిచినా బయటికి రాడు. ఎవరో కుజదోషమన్నారట, పగడం ఉంగరం కూడా కొనేసింది.

పాత జాతకంలో జన్మ సమయం 12:20, మేషలగ్నం. 2010 జనవరి 11, చెన్నై. "ఈ టైము ఎవరు చెప్పారమ్మా?" అంటే "మా మామగారు, నర్సు బయటికొచ్చి చెప్పినప్పుడు వాచీ చూసుకున్నారు" అంది. జనన ధ్రువపత్రంలో సమయం ఉండదు కాబట్టి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం వెతికించాను. ఇంటి నుంచి ఫోనులో ఫోటో వచ్చింది: 11:40. ఆ రోజు ఇక్కడ పన్నెండు దాటిన కాసేపటి వరకు మీనలగ్నమే. మేషానికి కర్కాటకం నాలుగో ఇల్లు, అక్కడ కుజుడుంటే దోషం లెక్క. మీనానికి అది అయిదోది, లెక్కలోకే రాదు. వృశ్చికంలోని చంద్రుడి నుంచి చూసినా తొమ్మిదోదే. అసలు ఆ దోషం పెళ్లి పొంతనకి చూసేది, పిల్లవాడి మొండితనానికి కాదు. ఉంగరం బీరువాలో పెట్టమన్నాను.

చూడాల్సింది వేరే ఉంది. కుజుడు కర్కాటకంలో నీచ, చంద్రుడు వృశ్చికంలో నీచ. కానీ ఒకరింట్లో ఒకరున్నారు, పరివర్తన. పైగా కుజుడు అప్పుడు వక్రం. ఇలాంటివాడు ఎదురు తిరిగి అరవడు. కోపం నీళ్లలో పడ్డ నిప్పులా ఆవిరై లోపలే తిరుగుతుంది, మాట రెండు రోజుల తర్వాత వస్తుంది. "నలుగురి ముందు అడిగితే ఇంకా బిగుసుకుంటాడా?" అన్నాను. ఆవిడ తలెత్తి చూసింది. మొన్న ట్యూషన్ మానేసిన సంగతి పెదనాన్న ముందే అడిగిందట.

గోడకున్న తమిళ డైలీ క్యాలెండర్ చూపించాను. అందులో చంద్రాష్టమం, అంటే జన్మరాశికి ఎనిమిదో రాశిలో చంద్రుడుండే కాలం, ఏ నక్షత్రానికో రోజూ వేస్తారు. వీడిది అనూరాధ, వృశ్చికరాశి, అంటే చంద్రుడు మిథునంలో ఉన్న రెండుంపావు రోజులు, ఇరవయ్యేడు రోజులకోసారి. ఆ రోజుల్లో మార్కులు, ఫోను, ట్యూషన్ ఎత్తొద్దన్నాను. మిగతా రోజుల్లో ఒంటరిగా, ఒక్క విషయమే అడగాలి, జవాబుకి ఒక పూట వదలాలి. గొడవ అయిన ప్రతి తేదీ మూడు నెలలు రాయమన్నాను. సగానికి సగం ఆ రోజుల బయట పడితే చంద్రుణ్ణి వదిలేసి నిద్ర, స్కూలు, స్నేహితులు చూడాలి. ఇది చెప్పకపోతే తప్పంతా గ్రహాల మీదకి నెట్టేస్తారు, తల్లులూ, పిల్లలూ, మేమూ.

లేస్తూ క్యాలెండర్ కాగితాలు తిప్పి చూసుకుంది. "ట్యూషన్ వాళ్లు ఫీజు అడిగేది సరిగ్గా ఆ రోజుల్లో పడే శుక్రవారమే అయ్యగారూ" అంది.

"ఆదివారం కట్టండమ్మా."