తైపే సేల్ బోర్డులో చిన్న అక్షరాలు

అక్టోబరు, నవంబరు నెలల్లో తైవాన్ రాజధాని తైపే వెళ్తే డిపార్ట్‌మెంట్ స్టోర్ల వార్షికోత్సవ సేల్ తప్పకుండా కళ్లబడుతుంది. తైపే 101 టవర్ ఉన్న షిన్‌యీ ప్రాంతంలో నేనూ అక్కా తిరుగుతుంటే ప్రతి ద్వారం మీదా పెద్ద పెద్ద అంకెల బోర్డులే. అది 2025 అక్టోబరు. మాకు చైనీస్ రాదు కాబట్టి ప్రతి బోర్డునీ ఫోన్‌లో ఫొటో తీసి, అనువాదం చూసుకుంటూ నడిచాం.

ముందు అక్కడి అంకెల పద్ధతి తెలియాలి. 8 పక్కన ‘జ’ అని పలికే అక్షరం ఉంటే, పది భాగాల్లో ఎనిమిది మనం కట్టాలని అర్థం. అంటే తగ్గేది 20 శాతమే. 75 అని ఉంటే వందకు 75 కట్టాలి. అంకె ఎంత చిన్నదైతే తగ్గింపు అంత ఎక్కువ. ఒక బట్టల షాపు అద్దం మీద మనిషంత ఎత్తున 3 అని ఉంది. దాని కింద మూలకి, బొటనవేలంత సైజులో ‘చీ’ అనే అక్షరం. ‘అక్కడి నుంచి మొదలు’ అని దాని భావం. ఏవో కొన్ని పాత డిజైన్లే 70 శాతం తగ్గుతాయి, మిగతావి అంత తగ్గవు. ఫొటోలో ఆ మూల తెగిపోతే అనువాదంలోనూ ఆ మాట రాదు. అందుకే బోర్డు మొత్తానికి దూరం నుంచి ఒక ఫొటో, అడుగు వరుసలకు దగ్గర నుంచి మరొకటి తీసేవాళ్లం. షరతులన్నీ ఆ అడుగు వరుసల్లోనే ఉంటాయి.

మేం ఎక్కువసేపు ఆగింది మాత్రం ఒక స్టోర్ లోపలి బోర్డు దగ్గర. 5,000, 500 అని రెండు అంకెలు, మధ్యలో రెండే అక్షరాలు. ఫోన్ ‘5000 నిండు 500 పంపు’ అని చూపించింది. 5,000 తైవాన్ డాలర్ల కొనుగోలు పూర్తయితే 500 వోచర్ ఇస్తామని దాని సంగతి. కింది వరుసల్ని దగ్గరగా ఫొటో తీస్తే అసలు విషయం బయటపడింది: బిల్లులన్నీ అదే రోజువి కావాలి, తగ్గింపు పోగా నిజంగా కట్టిన డబ్బే లెక్కలోకి వస్తుంది, కొన్ని కౌంటర్లకు ఆఫర్ వర్తించదు, వోచర్లు అయిపోతే ఆఫరూ అయిపోతుంది. ఈ చివరి షరతు ముఖ్యం. ముగింపు తేదీ వేసి ఉన్నా, స్టాకు ముందే అయిపోతే ఆ తేదీకి విలువ లేదు.

అక్క 4,000 ట్యాగున్న బ్యాగు, 2,200 ట్యాగున్న బూట్లు తీసింది. “ట్యాగులు కలిపితే 6,200. వోచర్ వచ్చేసినట్టే కదా?” అంది. బ్యాగు మీద 8 ఉంది కాబట్టి కట్టేది 3,200. బూట్ల మీద 75, అంటే 1,650. మొత్తం 4,850. ఇంకా 150 తక్కువ! వోచర్ వర్తించే కౌంటర్‌లోనే 180 పెట్టి సాక్సులు తీసుకుంటే 5,030 అయింది. సాక్సులు ఎలాగూ కావాలి కాబట్టి సరే అన్నాను. వోచర్ కోసం అక్కర్లేనిది కొనమంటే ఒప్పుకునేదాన్ని కాదు.

బోర్డులో ‘ప్రతి’ అనే అర్థమిచ్చే అక్షరం ఉందో లేదో కూడా చూడాలి. అది ఉంటే ప్రతి 5,000కీ ఒక వోచర్. 9,900 ఖర్చుపెట్టినా ఒకటే వస్తుంది, 10,000 నిండితేనే రెండోది. ఆ అక్షరం లేకపోతే ఎంత కొన్నా ఒక్కటేనా అని ముందే కౌంటర్‌లో అడగాలి.

పర్యాటకుల పన్ను వాపసుకి షరతు వేరు. ఒకే రోజు, ఒకే షాపులో కనీసం 2,000 తైవాన్ డాలర్ల సరుకు కొని, పాస్‌పోర్టు చూపించి ఫారం అడగాలి. ధరలో కలిసి ఉన్న 5 శాతం పన్నుకి సంబంధించిన వాపసు ఇది. కొన్న 90 రోజుల్లోపు ఆ వస్తువుతో దేశం దాటాలి.

వోచర్ మీద గడువులో సంవత్సరం 114 అని ఉంది. తైవాన్ లెక్కలో సంవత్సరానికి 1911 కలుపుకోవాలి, అంటే 2025. బిల్లు మీదా ఇదే పద్ధతి. వోచర్‌కి చిల్లర తిరిగి ఇవ్వరని కూడా దాని వెనక రాసి ఉంది. అందుకని అక్క 540 డాలర్ల గొడుగు ఎంచుకుని, పైన 40 కట్టింది. మొత్తం చేతినుంచి పోయింది 5,070. వోచర్ వల్ల మిగిలింది 500, అంటే ఆ సరుకు ధరలో 9 శాతం.