గళ్ల పలక డైరీ: ఒక్క ‘ల’తో సామెత పట్టడం

నల్గొండలో మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక గళ్ల పలక ఆట నడుస్తూనే ఉంది. పలక మీద ఖాళీ గళ్లుగా పదబంధం పెట్టేది వదిన, అదేంటో విప్పేది నేనూ పిల్లలూ. వర్గం ముందే చెబుతుంది: సామెత, వంట, ఊరు, గుడి, ఇలా. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం ఉంటుంది. ఒత్తు ఉన్నా, గుణింతం ఉన్నా అంతా ఒకే గడి. మూడు అక్షరాలు వదినే ఎంచి, అవి ఎక్కడున్నా తెరుస్తుంది. ఆ తర్వాత మేం ఒక్కొక్కటి అడగాలి.

ఇంగ్లిష్‌లో ఈ ఆట తేలిక. వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ అనే అమెరికా టీవీ ఆట చివరి రౌండ్‌లో ఆర్, ఎస్, టి, ఎల్, ఎన్, ఇ ముందే తెరుస్తారు. మొత్తం 26 అక్షరాలే కాబట్టి ఆ ఆరింటితోనే కొన్ని గళ్లు తెరుచుకుంటాయి. మనకు ఒక్క ‘క’ గుణింతంలోనే కా, కి, కు, కె అంటూ వరుస ఉంది. అందుకే మొదట్లో ‘క’ అడిగితే దాని గుణింతం, ఒత్తులు అన్నీ తెరిచేవాళ్లం. అలా చేస్తే ఆట మరీ త్వరగా అయిపోతోంది. ఇప్పుడు అడిగిన అక్షరం మాత్రమే తెరుస్తాం. ‘ల’ అడిగితే ‘లు’ తెరుచుకోదు. ఈ నియమం వచ్చాకే ఆలోచించడం మొదలైంది.

ఈ వారం వదిన పెట్టిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇది. వర్గం సామెత. ఇచ్చిన అక్షరాలు ల, ని, కు. వాటిలో ‘ల’ ఒక్కటే ఉంది:

□□□ □□□ల □□ □□□□ల

ముందు గళ్లు లెక్కపెట్టాను. మొదటి రెండు మాటలు కలిపి ఏడు, తర్వాతి రెండు కలిపీ ఏడు. రెండు సగాలూ ‘ల’తోనే ముగుస్తున్నాయి. మన సామెతలు కొన్ని ఇలా రెండు సమాన ముక్కలుగా, ఒకే తోకతో నడుస్తాయి. కాబట్టి ‘ల’ ముందు గడి కూడా రెండుచోట్లా ఒకటే అయ్యుండాలి. ఇలాంటి తోకల్లో మొదట గుర్తొచ్చేది ‘ఎందుకు’ అని అడిగే ‘-నేల’. ‘నే’ అడిగితే రెండుచోట్లా తెరుచుకుంది:

□□□ □□నేల □□ □□□నేల

అంటే ‘ఫలానా పని చేయడమెందుకు, ఫలానా పని చేయడమెందుకు’ అనే తీరు. మూడో మాట రెండు గళ్ల పేరు. అలాంటి చిన్న మాటల్లో ‘లు’ చాలా తగులుతుంది: కాలు, పాలు, తేలు. అడిగాను, రెండో గడిలో పడింది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. మా మేనల్లుడు వెంటనే “మామా, పాలు పితకనేల!” అన్నాడు. గళ్లు సరిగ్గా సరిపోతున్నాయి. నాకు కాలు కడగనేల అనిపిస్తోంది, అదీ సరిపోతోంది. ‘కా’నో ‘పా’నో అడిగితే ఒక ఊహ మాత్రమే తేలుతుంది. ‘క’ అడిగితే లాభం ఎక్కువ, ఎందుకంటే రెండింటిలోనూ ఉంది కానీ చోటు వేరు. కడగనేలలో అది మొదటి గడి, పితకనేలలో మూడో గడి. ‘క’ మొదటి గడిలో తెరుచుకుంది. ఇలా రెండు ఊహల్నీ ఒకేసారి తేల్చే అక్షరాన్ని వెతకడం ఈమధ్యే అలవాటు చేసుకున్నాను.

కాలు కడగాల్సి వచ్చేది దేన్ని తొక్కితే? పిల్లలు “బురద” అన్నారు. అర్థం కుదిరింది, గళ్లూ మూడే. కానీ సామెతలోని మాట అడుసు. ‘సు’ అడిగి తేల్చుకున్నాం: అడుసు తొక్కనేల కాలు కడగనేల.

ఈ బురద విషయం మీద వదినతో మాట్లాడాను. ఒకే సామెత ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా అంటారు. పెట్టేవాళ్లు తాము రాసిన రూపం ముందే నోటు పుస్తకంలో రాసిపెట్టుకోవాలి, గళ్లు కూడా అందులోనే లెక్కపెట్టుకోవాలి. పలక మీద గీస్తూ లెక్కపెడితే ‘క్క’ను రెండు గళ్లుగా గీసే ప్రమాదం ఉంది. ఒక్క గడి పెరిగినా ఏడు ఏడు అన్న లెక్క చెడి, విప్పేవాళ్లు దారి తప్పుతారు.

వర్గం మరీ చిన్నదైతే ఇంకో ఇబ్బంది. ‘పానగల్లు గుడి’ అని చెప్పి ఇలా ఇచ్చింది వదిన:

□□ల □□□□ల□

నల్గొండ పక్కనే ఉన్న పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం రెండూ ఉన్నాయి. ‘ఛాయా’కు రెండు గళ్లే, ఇక్కడ మొదటి మాటకు మూడున్నాయి. ఒక్క అక్షరం అడగకుండానే అయిపోయింది. గుడులకు ఇకనుంచి ‘ఉమ్మడి జిల్లా గుడి’ అని మాత్రమే చెప్పాలని, ముందిచ్చే అక్షరాలు మూడు నుంచి ఒకటికి తగ్గించాలని అనుకున్నాం. సామెతలకు మాత్రం మూడూ ఉంచుతున్నాం.