పాత కంపెనీ ఫైలు అడిగారు, నేనేం పంపానంటే

రాయగడలో ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చన్న ఎంఐఎస్ ఉద్యోగం, అంటే కంపెనీ లెక్కలతో రిపోర్టులు తయారుచేసే పని, ఇంటర్వ్యూ రెండు రౌండ్లు అయ్యాయి, అప్పుడు మేనేజర్ గారి మెయిల్ వచ్చింది: మీరు చేసిన రిపోర్టులు రెండు పంపండి, నిజంగా వాడినవే కావాలి అని. నా మంచి పనంతా పాత కంపెనీదే. లారీ కిరాయిల ఎక్సెల్ ఒకటుంది, ఏ రూటుకి ఏ ట్రాన్స్‌పోర్టరుకి టన్నుకి ఎంత ఇచ్చామో మొత్తం అందులోనే. చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితం తీసి చూస్తే, మానేశాక కూడా రేట్లు, పార్టీల పేర్లు బయటపెట్టకూడదని స్పష్టంగా ఉంది. అసలు ఆ ఫైలు నా సొంత మెయిల్‌లో ఉండడమే తప్పు, ఇంటి దగ్గర పనికని ఎప్పుడో పంపుకున్నది.

పార్వతీపురం నుంచి వచ్చిన మా బావ, "ఏటవుతాది రా, పేర్లు చెరిపేసి పంపేయ్" అన్నాడు. సరే అని డేటా షీటు తీసేసి, ఆ డేటా మొత్తాలు చూపించే పివట్ టేబుల్ ఒక్కటే ఉంచి, అందులోనూ పేర్లు కనపడకుండా చేశాను. ఎందుకో అనుమానమొచ్చి చివర Grand Total అంకె మీద డబుల్ క్లిక్ చేశా. కొత్త షీటు తెరుచుకుని, పేర్లతో రేట్లతో వరసలన్నీ దిగిపోయాయి! షీటు తీసేసినా పివట్ తన లోపల డేటా కాపీ దాచుకుంటుంది మరి. పంపేసి ఉంటే నా పని అయిపోయేది.

పాత బాస్‌ని ఫోన్‌లో అడిగితే "ఫర్వాలేదు, పంపుకో" అన్నారు గానీ మెయిల్‌లో రాసివ్వమంటే మాట మార్చారు. ఇక ఆ దారి వదిలేశాను.

మేనేజర్ గారికి ఇలా రాశా: ఆ ఫైళ్లు పాత కంపెనీవి, పంపే హక్కు నాకు లేదు. అదే పద్ధతిలో కల్పిత డేటాతో ఒక రిపోర్టు శుక్రవారానికి చేసి ఇస్తాను, స్క్రీన్ షేర్ చేసి ఎలా కట్టానో కూడా చూపిస్తాను. సంజాయిషీలు పెట్టలేదు, కంపెనీ మీద చాడీలూ చెప్పలేదు.

కల్పిత డేటా అంటే అసలు రేట్లను పది శాతం పెంచడం కాదు, అలా చేస్తే ఎవరికి ఎక్కువ ఇచ్చామో ఆ తేడా అలాగే ఉండిపోతుంది, లారీల లైన్‌లో ఉన్నవాడు ఇట్టే పట్టేస్తాడు. అందుకే ఖాళీ ఫైలుతో మొదలుపెట్టి, ఊళ్లకి ఊరు-1, ఊరు-2 అని పెట్టి, రేట్లు ఇలా వేశాను:

```
=RANDBETWEEN(600,1400)
```

ప్రతిసారీ అంకెలు మారిపోతుంటాయి కాబట్టి తర్వాత వాటిని విలువలుగా పేస్ట్ చేయాలి. మూడో నెలలో ఒక రూటు రేటు కావాలనే పెంచి, అది రిపోర్టులో ఎర్రగా కనబడేలా పెట్టాను. పాత ఫైలు మెయిల్‌లోంచి కూడా తీసేశా.

కాల్‌లో ఆయన నేరుగా ఆ ఎర్ర గడి మీదికే వచ్చి, ఇది ఎలా పట్టుకున్నారని అడిగారు. అరగంట దాని మీదే మాట్లాడుకున్నాం. పాత ఫైళ్ల ఊసే ఎత్తలేదు, ఎప్పుడు చేరగలరని అడిగారు.