ఔన్సు 35 డాలర్లు, గది అద్దె మాత్రం అడక్కండి

న్యూ హాంప్‌షైర్ కొండల్లో మేం దిగిన మోటెల్‌లో పొద్దున్నే బిల్లు కట్టబోతే కార్డు మెషీన్ ఒక ప్రశ్న వేసింది: డాలర్లలో కడతారా, రూపాయల్లోనా? రూపాయల్లో చూపించిన మొత్తం నేను నోటిలెక్కన వేసుకున్నదానికంటే బాగా ఎక్కువ. ముందు చెప్పని "సౌకర్యాల రుసుము" ఒకటి పైన. విజయవాడలో బ్యాంకు ఫారెక్స్ డెస్క్ మీద అన్నేళ్లు కూర్చున్నవాణ్ణి, ఈ వల తెలిసినదే కాబట్టి డాలర్లు నొక్కాను. కానీ చిరాకు పోలేదు. చేతిలో డబ్బు విలువ కాఫీ చల్లారేలోపు మారిపోతుందన్న చిరాకు అది. ఆ మార్పును అరికట్టాలని 1944లో 44 దేశాలవాళ్లు కూర్చున్న చోటికే వెళ్తున్నాం మరి.

బోస్టన్ నుంచి 93 హైవే మీద ఉత్తరానికి వచ్చి, ట్విన్ మౌంటెన్ దగ్గర 302 ఎక్కితే బ్రెటన్ వుడ్స్. కారు బాబాయి నడుపుతున్నాడు. 1969లో ఇండియా నుంచి వచ్చినవాడు, డెబ్బై దాటి చాలా కాలమైనా స్టీరింగు నాకివ్వడు. చెట్ల మధ్యలోంచి ఒక్కసారిగా తెల్లటి గోడలు, ఎర్ర కప్పులతో మౌంట్ వాషింగ్టన్ హోటల్ కనిపించింది. ఆ హోటల్లో గది అద్దె చూశాకే మేం మోటెల్‌కి వెళ్లింది.

1944 సమావేశం జరిగింది ఈ హోటల్లోనే. సంతకాలు జరిగిన గదిని గోల్డ్ రూమ్ అంటారు. నేననుకున్నదానికంటే చాలా చిన్నది. అమెరికా తరఫున హ్యారీ డెక్స్టర్ వైట్, బ్రిటన్ తరఫున ఆర్థికవేత్త కీన్స్. మన వాళ్లూ ఉన్నారు: జెరెమీ రైస్‌మన్ నాయకత్వంలో సి.డి. దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఎ.డి. ష్రాఫ్ వగైరా. యుద్ధంలో బ్రిటన్ మన దగ్గర తీసుకున్న సరుకులకు బాకీపడ్డ స్టెర్లింగ్ పౌండ్ల సంగతి తేల్చమని వాళ్లు అడిగితే, అది మాకూ మా ఋణదాతలకూ మధ్య విషయమని కీన్స్ తప్పించాడు.

అక్కడ కుదిరిన ఏర్పాటు వినడానికి సులువే. అమెరికా ఔన్సు బంగారానికి 35 డాలర్లని మాట ఇస్తుంది. ఆ ధరకు బంగారం అడిగే హక్కు విదేశీ ప్రభుత్వాలకూ కేంద్ర బ్యాంకులకూ మాత్రమే, మామూలు మనుషులకు లేదు. మిగతా దేశాలు తమ కరెన్సీని డాలరుకు ఒక రేటున కట్టుకుని, అటు ఒక శాతం ఇటు ఒక శాతం దాటకుండా కాపాడుకోవాలి. విదేశీ చెల్లింపుల్లో లోటు తాత్కాలికమైతే ఐఎంఎఫ్ దగ్గర అప్పు తెచ్చుకోవాలి. లోటు తాత్కాలికం కాక వేళ్లూనుకుని "మౌలిక అసమతౌల్యం" ఉంటే మాత్రం ఐఎంఎఫ్‌కు చెప్పి రేటు మార్చుకోవచ్చు. అయితే ఆ మౌలిక అసమతౌల్యం అంటే ఏమిటో ఒప్పందంలో ఎక్కడా నిర్వచించలేదు. కొంప ముంచింది అదేనని నా అభిప్రాయం.

ఈ మాట నేను బాబాయితో వరండాలో అంటుంటే పక్క కుర్చీలో పెద్దాయన తలెత్తాడు. ఇంగ్లండు మనిషి, లీడ్స్ దగ్గర బడిపంతులుగా చేసి రిటైరయ్యాడట. "1967 వేసవిలో నేను పారిస్ వెళ్లాను, యాభై పౌండ్లతో. అంతకంటే పట్టుకెళ్లనిచ్చేవాళ్లు కాదు" అన్నాడు. నిజమే. పౌండు రేటు కాపాడడానికి 1966 నుంచి 1970 దాకా బ్రిటిష్ యాత్రికులకు అదే పరిమితి. ఆ తర్వాత మధ్యాహ్నమంతా ఆయనతోనే గడిచిపోయింది. కొండ మీదికి పోయే కాగ్ రైలెక్కుదామన్న మాట ఎవరికీ గుర్తులేదు. గుర్తొచ్చినా ఆ టికెట్ ధరకు బాబాయి ఒప్పుకునేవాడు కాదు.

అప్పట్లో పౌండు 2.80 డాలర్లు. మార్కెట్లో 2.78కి జారిందంటే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి, తన డాలర్లు ఇచ్చి పౌండ్లు కొనాలి. డాలర్లు అయిపోతే అప్పు చేసి కొనాలి. బ్రిటన్ ఎగుమతులకంటే దిగుమతులు ఎక్కువై ఒత్తిడి పెరుగుతున్నా, 1964లో వచ్చిన విల్సన్ ప్రభుత్వం మూడేళ్లపాటు రేటు తగ్గించనని భీష్మించింది. తగ్గిస్తే ఓటమిని ఒప్పుకున్నట్టని భయం. ఇది చూసిన సట్టా వ్యాపారికి పండగే. ముందే పౌండ్లు అమ్మేసి, పడ్డాక చవగ్గా కొనుక్కుంటాడు. రేటు నిలబడితే పోయేది సెంటో రెండు సెంట్లో. పడితే వచ్చేది అంతకు ఎన్నో రెట్లు. నా డెస్క్ మీద అలాంటి బేరం వస్తే నేనూ వదలను.

చివరి మూడు రోజుల కథ పెద్దాయన నోట వినాలి. 1967 నవంబరు 16, గురువారం. రేటు తగ్గించాలని కేబినెట్ పొద్దునే తేల్చేసింది. ఆ మధ్యాహ్నమే పార్లమెంటులో ఆర్థికమంత్రి కాలహన్‌ను, రేటు కాపాడడానికి విదేశీ అప్పు తెస్తున్నారా అని అడిగారు. అవునంటే అబద్ధం, కాదంటే అప్పుడే గల్లంతు. ఆయన దాటవేశాడు. ఆ దాటవేతలోనే అందరికీ జవాబు దొరికింది. శుక్రవారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ డాలర్లు వరదలా పోయాయి. శనివారం రాత్రి పౌండును 2.40కి దించారు. "మీ జేబులో పౌండుకేం కాలేదని విల్సన్ టీవీలో చెప్పాడు. మా ఆవిడ టీవీ కట్టేసింది" అని పెద్దాయన ఇప్పటికీ పళ్లు నూరుతున్నాడు. అంతకుముందు ఏడాదే డాలరుకు 4.76 నుంచి 7.50కి దిగిన మన రూపాయి ఈసారి కదల్లేదు. దాంతో 21 రూపాయల పౌండు 18 అయింది.

పౌండు పడగానే చూపులన్నీ డాలరు మీదికి మళ్లాయి. అసలు చిక్కు అక్కడుంది. ప్రపంచ వ్యాపారం పెరగాలంటే దేశాల దగ్గర డాలర్లు పెరగాలి, అవి పెరగాలంటే అమెరికా లోటు నడపాలి. కానీ ఎంత నడిపితే 35 డాలర్ల మాట మీద అంత నమ్మకం తగ్గుతుంది. ఊళ్లో షావుకారు చీటీలు చేతులు మారుతూ డబ్బులా చెల్లుతుంటాయి, అందరూ ఒకేసారి ఆయన అరుగు మీదికి రానంతవరకే. 1949లో అమెరికా బంగారం 24 బిలియన్ డాలర్ల పైచిలుకు, 1971కి అది దాదాపు 10 బిలియన్లు. బయటి దేశాల చేతుల్లో డాలర్లు దానికి కొన్ని రెట్లు. ఎనిమిది కేంద్ర బ్యాంకులు కలిసి లండన్ మార్కెట్లో బంగారం అమ్మి ధరను 35 దగ్గర పట్టుకోవాలని చూశాయి. పౌండు పడ్డాక కొనేవాళ్ల తాకిడికి 1968 మార్చిలో చేతులెత్తేశాయి.

మరి డాలరు రేటునే తగ్గించొచ్చు కదా అని బాబాయి అడిగాడు. అందరూ డాలరుకే కట్టుకున్నారు, ఇక డాలరు దేనితో పోల్చి తగ్గాలి? జర్మనీ, జపాన్ తమ కరెన్సీ విలువ పెంచుకోవాలి, కానీ మిగులున్నవాళ్లను అలా పెంచమని ఒత్తిడి చేసే గట్టి పద్ధతేదీ ఒప్పందంలో లేదు. 1971 ఆగస్టు 15, ఆదివారం సాయంత్రం అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలర్లకు బంగారమిచ్చే కిటికీ మూసేశాడు, "తాత్కాలికంగా" అంటూ. డిసెంబరులో ఔన్సు 38 డాలర్లని కొత్త రేట్లు రాసుకున్నారు, కిటికీ మాత్రం తెరవలేదు. 1973 మార్చికల్లా పెద్ద కరెన్సీలన్నీ డాలరుతో కట్టు తెంచుకుని, మార్కెట్ రేటుకు తేలిపోయాయి.

తిరుగుదారిలో బాబాయి తన లెక్క తీశాడు. మన ప్రభుత్వం ఇచ్చిన ఎనిమిది డాలర్లతో, అంటే అరవై రూపాయలతో దిగాడట. 1973 నుంచి ఇంటికి నెలనెలా డబ్బు పంపితే ఒక నెల ఒకలా, ఇంకో నెల ఒకలా రూపాయలు అందేవని, బ్యాంకువాడు నొక్కేస్తున్నాడని తాతయ్య ఉత్తరాలు రాసేవాడట. పాపం బ్యాంకువాడు. 1971 డిసెంబరులో రూపాయిని పౌండుకు కట్టారు, 1972 జూన్‌లో ఆ పౌండే తేలింది. దాంతో పాటు డాలరు ముందు మన రూపాయీ ఊగుతూ పోయింది. 1975 సెప్టెంబరులో కొన్ని కరెన్సీల బుట్టకు మార్చి కట్టేదాకా అదే తంతు.

"ఈ సంగతి అప్పుడే చెప్పొద్దుట్రా, బ్యాంకువాణ్ణి పదేళ్లు తిట్టాం" అన్నాడు బాబాయి.